తాళపత్రాల రా చిత్రాలను మూకుమ్మడిగా జేపెగ్‌లుగా మార్చడం: వర్ణసామ్యం సమస్య

తాళపత్ర ప్రతులను కెమెరాతో చిత్రీకరించేటప్పుడు ఆకుకు రెండు వైపులా తీయాలి. కాబట్టి అరవై ఆకుల చిన్న గ్రంథానికి కూడా నూట ఇరవై చిత్రాలు అవుతాయి. ఇవి కెమెరాలో రా ఫైళ్ల రూపంలో నిలువ ఉంటాయి. అయితే పరిష్కర్త తన గదిలో కూర్చుని తెరమీద చూసేది రా ఫైలును కాదు, దాని నుండి తయారైన జేపెగ్‌ను. ఆ జేపెగ్‌లో అతడు అక్షరాన్ని మాత్రమే చదవడు. కట్ట మధ్యలో నాలుగైదు ఆకులు తక్కిన వాటికంటె లేతగా కనిపిస్తే, అవి శిథిలమైన ఆకులకు బదులుగా తరువాతి కాలంలో రాయించి చేర్చినవి కావచ్చునన్న ఊహ కలుగుతుంది. లిపిలోని తేడాలు, లేఖకుని అలవాట్లు ఆ ఊహను బలపరచవచ్చు, తోసిపుచ్చవచ్చు. కాని ఊహకు మొదటి ఆధారం రంగే. ఆ రంగు తేడా ఆకులో ఉన్నదా, లేక రా ఫైలును జేపెగ్‌గా మార్చిన ప్రోగ్రాము కల్పించినదా అన్నది తేలకపోతే ఆ ఆధారానికి విలువ లేదు.

రా ఫైళ్లను మూకుమ్మడిగా మార్చే ప్రోగ్రాములలో చాలా భాగం, ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, ప్రతి చిత్రాన్నీ విడిగా పరిశీలించి దానికి తగిన వెలుగును, కొన్నిసార్లు రంగును కూడా తామే నిర్ణయిస్తాయి. పెళ్లి ఫోటోలకు ఇది సదుపాయమే. తాళపత్రాల విషయంలో ఇదే మూలదోషం. ఈ నిర్ణయాలను ప్రోగ్రాము చేతిలో నుండి తీసుకుని, గ్రంథమంతటికీ ఒక్కసారి కొలిచి, అన్ని చిత్రాలకూ ఒకే విధంగా వర్తింపజేయడం ఎలాగో `dcraw` అనే కమాండ్ లైన్ సాధనం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

రా ఫైలులో ఉండేది

కెమెరా సెన్సరులోని ఒక్కొక్క బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒకదాని కాంతిని మాత్రమే కొలుస్తుంది. రా ఫైలులో ఉండేవి ఈ కొలతలే. పద్నాలుగు బిట్ల కెమెరాలో ఒక్కొక్క కొలత 0 నుండి 16383 వరకు ఉండవచ్చు. కాంతి రెట్టింపైతే కొలత కూడా రెట్టింపవుతుంది. దీనిని చిత్రంగా మార్చాలంటే మూడు పనులు జరగాలి. ప్రతి బిందువు వద్దా లోపించిన రెండు రంగులను ఇరుగుపొరుగు బిందువుల నుండి ఊహించి పూరించాలి. మూడు రంగులను తగిన గుణకాలతో హెచ్చించి, తెల్లనిది తెల్లగా కనిపించేటట్లు చేయాలి. దీనినే వైట్ బ్యాలెన్స్ అంటారు. చివరగా, పదహారు వేల మెట్లను జేపెగ్‌లోని 256 మెట్లలోకి ఒక వక్రరేఖ ద్వారా కుదించాలి. మొదటి పని అన్ని చిత్రాలకూ ఒకే సూత్రంతో సాగుతుంది. చిక్కు వచ్చేది తక్కిన రెండింటి దగ్గరే.

`dcraw` ప్రోగ్రామును డేవ్ కాఫిన్ 1997లో మొదలుపెట్టి, ఒకే ఒక సీ భాషా ఫైలుగా ఏళ్ల తరబడి పెంచుతూ వచ్చాడు. దీనికి కిటికీలు, బొత్తాలు లేవు. ఏం చేయాలో అక్షరాలతో చెప్పాలి. చెప్పినది చెప్పినట్లు ఫైలులో రాసిపెట్టుకుంటే, పదేళ్ల తరువాత మరొకరు అదే రా ఫైలు నుండి అదే చిత్రాన్ని మళ్లీ రాబట్టగలరు. పరిశోధనకు ఇది అనుకూలమైన గుణం.

ఆటోమేటిక్ నిర్ణయాలు చేసే నష్టం

ఏ ఆప్షనూ లేకుండా `dcraw`ను నడిపితే అది ప్రతి చిత్రపు వెలుగును తానే సవరిస్తుంది. చిత్రంలోని బిందువుల్లో అత్యంత ప్రకాశవంతమైన ఒక శాతం పూర్తి తెలుపునకు చేరేటట్లు మొత్తాన్ని పెంచుతుంది. తాళపత్రాన్ని నల్లని గుడ్డ మీద ఉంచి తీశారనుకుందాం. చిత్రంలో తెల్లని వస్తువేదీ లేదు కనుక ఆ ఒక శాతం బిందువులు ఆకులోనివే అవుతాయి. ముదురు గోధుమరంగు ఆకును కూడా ప్రోగ్రాము లేత ఆకంత వెలుగుకు తెస్తుంది. పరిష్కర్త వెతుకుతున్న తేడా అక్కడే చెరిగిపోతుంది. దీనికి విపరీతమైన సందర్భమూ ఉన్నది. కొన్ని చిత్రాల్లో ఆకు పక్కన తెల్లని కొలబద్ద ఉంచి, కొన్నింటిలో మరచిపోతే, కొలబద్ద ఉన్న చిత్రాల్లో ఆకులు ముదురుగా, లేని వాటిలో లేతగా వస్తాయి. లేని తేడా అక్కడ పుట్టుకొస్తుంది.

రంగు విషయమూ ఇటువంటిదే. `-a` ఆప్షన్ చిత్రం మొత్తం సగటును బూడిదరంగుగా భావించి గుణకాలను లెక్కిస్తుంది. పసుపు కలిసిన గోధుమరంగు ఆకు చిత్రాన్ని ఆక్రమించినంత మేరకు ఆ పసుపును ప్రోగ్రాము దోషంగా ఎంచి తొలగిస్తుంది. వెడల్పైన ఆకు బూడిదబారుతుంది, సన్నని ఆకు కొంత రంగు నిలుపుకుంటుంది. `-w` ఆప్షన్ కెమెరా రాసిపెట్టిన గుణకాలను వాడుకుంటుంది. ఇది కొంత మేలు. అయితే కెమెరాలోనే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ప్రతి చిత్రానికీ వేరు గుణకాలు రాసి ఉంటాయి కనుక సమస్య ఒక మెట్టు వెనక్కు జరిగినట్లే తప్ప తీరినట్లు కాదు.

ఒక గ్రంథంపై ప్రయోగం

అరవై ఆకుల గ్రంథాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నికాన్ డి750 వంటి రెండు కోట్ల నలభై లక్షల బిందువుల కెమెరాను నిట్టనిలువుగా కిందికి చూసేటట్లు స్టాండుకు బిగించి, రెండు వైపులా దీపాలు పెట్టి, ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో స్థిరపరచి తీస్తారు. మొట్టమొదటి చిత్రం ఆకుది కాదు, ఆకు ఉండవలసిన చోట ఉంచిన 18 శాతం గ్రే కార్డుది. కట్టంతా పూర్తయిన తరువాత అదే కార్డును మళ్లీ తీస్తారు. రెండవసారి ఎందుకన్నది తరువాత తెలుస్తుంది. మొత్తం 122 రా ఫైళ్లు `raw` అనే ఫోల్డరులో ఉన్నాయి. గ్రే కార్డు మొదటి చిత్రం పేరు `DSC_0001.NEF`.

మొదట కార్డు నుండి గుణకాలు రాబట్టాలి.

```
dcraw -v -c -t 0 -W -g 2.4 12.92 \
  -A 2800 1800 300 300 raw/DSC_0001.NEF > card.ppm
```

ఇందులో `-A` తరువాతి నాలుగు సంఖ్యలు కార్డు మీది ఒక చతురస్రాన్ని సూచిస్తాయి: ఎడమ నుండి దూరం, పైనుండి దూరం, వెడల్పు, ఎత్తు. ప్రోగ్రాము ఆ చతురస్రాన్ని మాత్రమే తటస్థ వర్ణంగా భావించి లెక్కిస్తుంది. ఈ దూరాలను తిప్పని చిత్రం మీద కొలవాలి. కెమెరా తెరమీద తిరిగి కనిపించే చిత్రం నుండి కొలిస్తే చతురస్రం కార్డు మీద కాక నల్లగుడ్డ మీద పడవచ్చు. `-W` వెలుగును తానుగా పెంచవద్దని చెబుతుంది. `-g 2.4 12.92` అనేది ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణపు వక్రరేఖ. ఇది చెప్పకపోతే `dcraw` బీటీ.709 అనే టెలివిజన్ ప్రమాణపు వక్రరేఖను వాడుతుంది, మధ్యస్థ వర్ణాలు కొంత ముదురుగా వస్తాయి. `-v` వల్ల ప్రోగ్రాము తాను వాడిన గుణకాలను తెరమీద చూపుతుంది. ఆ వరుస ఈ విధంగా ఉంటుంది:

```
multipliers 1.912000 1.000000 1.486000 1.000000
```

ఎరుపు, ఆకుపచ్చ, నీలం, రెండవ ఆకుపచ్చ అన్నది ఇక్కడి క్రమం. ఈ దీపాలకు, ఈ కెమెరాకు, ఈ రోజుకు చెందిన గుణకాలు ఇవే. ఇకపై ప్రతి ఆకుకూ `-r` ఆప్షన్ ద్వారా వీటినే ఇవ్వాలి.

రెండవది వెలుగు. `-W` పెట్టిన తరువాత చిత్రం తరచుగా చీకటిగా కనిపిస్తుంది. తెల్లని భాగాలు సెన్సరు పరిమితిని దాటకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీయడం అందుకు కారణం. చీకటిగా ఉన్నదని `-W` తీసివేయడం ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు. చేయవలసింది స్థిరమైన ఒక పెంపును లెక్కగట్టడం. 18 శాతం కాంతిని ప్రతిఫలించే కార్డు ఎస్‌ఆర్‌జీబీలో 255కు సుమారు 118గా రావాలి. ఇప్పుడెంత వచ్చిందో ఇమేజ్‌మ్యాజిక్‌తో కొలవవచ్చు.

```
magick card.ppm -crop 300x300+2800+1800 \
  -format "%[fx:255*mean.r] %[fx:255*mean.g] %[fx:255*mean.b]" info:
```

మూడు సంఖ్యలూ దాదాపు సమానంగా వస్తే వైట్ బ్యాలెన్స్ కుదిరినట్లు. అవి 95 దగ్గర ఉన్నాయనుకుందాం. 118ని 95తో భాగించి 1.24 రెట్లు పెంచితే చాలుననిపిస్తుంది, కాని అది సరికాదు. 95 అనేది వక్రరేఖ దాటిన తరువాతి సంఖ్య, పెంపు జరిగేది వక్రరేఖకు ముందు. కాబట్టి 95ను మొదట కాంతి పరిమాణంగా వెనక్కు లెక్కించాలి:

```
((95/255 + 0.055) / 1.055)^2.4 = 0.1144
0.18 / 0.1144 = 1.57
```

అంటే `-b 1.57` ఇవ్వాలి. 1.24 ఇచ్చి ఉంటే కార్డు 105 దగ్గరే ఆగిపోయేది. కొన్న కార్డు నిజంగా 18 శాతానిదేనా అన్నది దాని మీద చూసుకోవాలి. వైట్ బ్యాలెన్స్ కోసమే అమ్మే కొన్ని కార్డులు ఇంకా లేతగా ఉంటాయి. వాటితో రంగు కుదురుతుంది గాని ఈ లెక్క కుదరదు.

ఇక మొత్తం ఫైళ్లను మార్చవచ్చు.

```
mkdir -p jpeg
for f in raw/*.NEF; do
  n=$(basename "$f" .NEF)
  dcraw -c -t 0 -q 3 -W -b 1.57 -g 2.4 12.92 \
    -r 1.912 1 1.486 1 "$f" 2>> errors.log |
  cjpeg -quality 92 -sample 1x1 > "jpeg/$n.jpg"
done
```

`dcraw` తానుగా జేపెగ్ రాయదు. అది పీపీఎమ్ అనే కుదించని రూపంలో చిత్రాన్ని వెలువరిస్తుంది. ఒక్కొక్క చిత్రం 72 మెగాబైట్లకు పైగా ఉంటుంది కనుక 122 చిత్రాలకు దాదాపు తొమ్మిది గిగాబైట్లు కావాలి. `-c` ఆ చిత్రాన్ని డిస్కు మీద రాయకుండా నేరుగా `cjpeg`కు అందిస్తుంది. `-sample 1x1` రంగు వివరాలను తగ్గించవద్దని చెప్పడం. అది లేకపోతే `cjpeg` నాలుగు బిందువులకు ఒకే రంగు కొలతను ఉంచుతుంది. గంటంతో గీసి మసి పూసిన అక్షరాలకు దానివల్ల పెద్ద నష్టం లేదు గాని, ఆకు అంచున అంటిన పసుపు మరకలు, భాండాగారంలో ఎర్రసిరాతో వేసిన సన్నని సంఖ్యలు వంటివి అలుక్కుపోతాయి.

`-t 0` చిత్రాన్ని తిప్పవద్దని చెబుతుంది. కిందికి చూస్తున్న కెమెరాకు తాను అడ్డంగా ఉన్నదో నిలువుగా ఉన్నదో సరిగా తెలియదు. ఫలితంగా ఒకే వరుసలోని చిత్రాల్లో కొన్నింటిని నిలువుగా, కొన్నింటిని తలకిందులుగా గుర్తించి రాస్తుంది. ఆ గుర్తును `dcraw` నమ్మితే నూట ఇరవై ఆకు చిత్రాల్లో ఏ పదో పదిహేనో తిరిగిపోతాయి.

పాడైన ఫైళ్లు, పోయిన వివరాలు

మూకుమ్మడి పనిలో భయపడవలసింది ఆగిపోయిన ప్రోగ్రాము గురించి కాదు. అది ఆగినట్లు కనిపిస్తుంది. రా ఫైలును మెమరీ కార్డు నుండి నకలు చేసేటప్పుడు చివరి భాగం తెగిపోతే, `dcraw` ఒక హెచ్చరిక రాసి ముందుకే సాగుతుంది, జేపెగ్‌ను కూడా తయారుచేస్తుంది. పైభాగం చక్కగా ఉండి, అడుగున నలుపో చెత్త రంగులో ఉంటాయి. చిన్న బొమ్మల వరుసలో చూస్తే, నల్లగుడ్డ నేపథ్యం వల్ల, అది కంటికి ఆనదు. పైన `errors.log` పెట్టినది ఇందుకే. `-v` లేకుండా నడిపినప్పుడు సవ్యమైన ఫైళ్లకు `dcraw` ఏమీ రాయదు. పాడైన ఫైలు ఉంటే దాని పేరుతో సహా `Unexpected end of file` అనో, `Corrupt data near` అనో ఆ లాగ్‌లో కనిపిస్తుంది. ఇటువంటి ఫైలును మెమరీ కార్డు చెరపక ముందే గుర్తిస్తే మళ్లీ నకలు చేసుకోవచ్చు. లాగ్ ఖాళీగా ఉండి, రెండు ఫోల్డర్లలోని ఫైళ్ల సంఖ్య సమానమై, `jpeg` ఫోల్డరులో సున్నా బైట్ల ఫైలు లేకుంటేనే పని నిలిచినట్లు.

పీపీఎమ్ మార్గంలో వచ్చిన జేపెగ్‌లో తీసిన తేదీ, గంట, కెమెరా, లెన్సు వివరాలేవీ ఉండవు. `exiftool`తో వాటిని రా ఫైలు నుండి తిరిగి చేర్చవచ్చు.

```
exiftool -overwrite_original -TagsFromFile raw/%f.NEF \
  -exif:all --Orientation -ext jpg jpeg
```

ఇక్కడ `--Orientation` అత్యవసరం. అది మరచిపోతే కెమెరా రాసిన తప్పుడు దిశాసూచన జేపెగ్‌లోకి చేరి, `-t 0`తో తప్పించుకున్న తిప్పుడును చిత్రం చూపే ప్రోగ్రాము మళ్లీ చేస్తుంది. దీనిని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆ సూచనను పాటించే ప్రోగ్రాములో చిత్రం తిరిగి, పాటించని దానిలో సరిగా కనిపిస్తుంది. ఇద్దరు పరిశోధకులు ఒకే ఫైలు గురించి వేర్వేరుగా చెబుతారు. కెమెరాలో వర్ణవ్యవస్థను కూడా ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి ఉంచుకోవడం మంచిది. రా కొలతల మీద దాని ప్రభావం లేదు, కాని కెమెరా అడోబీ ఆర్‌జీబీలో ఉంటే ఆ ముద్ర పై ఆదేశం ద్వారా ఎస్‌ఆర్‌జీబీ చిత్రం మీద పడుతుంది.

చివరి కార్డు చెప్పేది

ఇప్పుడు `DSC_0122.jpg`ను, అంటే పని ముగిశాక తీసిన గ్రే కార్డును, మొదటి కార్డు లాగానే కొలవాలి. అది కూడా అదే గుణకాలతో, అదే పెంపుతో వచ్చింది కనుక మూడు సంఖ్యలూ 118 దగ్గరే ఉండాలి. ఒకటి రెండు సంఖ్యల తేడా పట్టించుకోనక్కరలేదు. 111 వచ్చిందంటే మాత్రం, పై సూత్రం ప్రకారం కాంతి సుమారు 12 శాతం తగ్గినట్లు. మూడు సంఖ్యలూ సమంగా తగ్గితే దీపం దూరం జరిగి ఉండవచ్చు, విద్యుత్తు తగ్గి ఉండవచ్చు. నీలం ఒక్కటే మారితే కిటికీ నుండి వచ్చిన పగటి వెలుతురును అనుమానించాలి. మధ్యాహ్నం మొదలైన పని సాయంత్రానికి ముగిసినప్పుడు ఇది సహజం.

ఈ తేడాను ఏం చేయాలన్నది సున్నితమైన విషయం. మొదటి ఆకు నుండి చివరి ఆకు వరకు క్రమంగా మారిందని భావించి ఒక్కొక్క ఆకుకూ ఒక్కొక్క `-b` విలువను లెక్కగట్టడం సాంకేతికంగా సాధ్యమే. కాని మార్పు క్రమంగా జరిగిందో, నలభయ్యో ఆకు దగ్గర ఒక్కసారిగా జరిగిందో రెండు కార్డులు చెప్పలేవు. అటువంటి దిద్దుబాటు మళ్లీ లేని తేడాలను కల్పించవచ్చు. కార్డును ప్రతి ఇరవై చిత్రాలకు ఒకసారి తీసి ఉంటే మార్పు ఎక్కడ జరిగిందో దొరుకుతుంది, ఆ చోట ఫైళ్లను రెండు భాగాలు చేసి రెండు విలువలతో నడపవచ్చు. తీయకపోతే, ఆ గ్రంథపు చిత్రాలు అక్షరాలు చదవడానికి పనికి వస్తాయి గాని ఆకుల రంగును పోల్చడానికి పనికిరావని వివరణలో రాయడమే న్యాయం.

ఈ పద్ధతికి లొంగనివి కొన్ని ఉన్నాయి. తాళపత్రం సన్నగా పొడవుగా ఉంటుంది, దాని రెండు కొసల మీద వెలుతురు సమంగా పడకపోతే `dcraw` దానిని సరిదిద్దలేదు. దీపాలను సరిచేసి మళ్లీ తీయవలసిందే. నిమ్మగడ్డి నూనె పూసి శుభ్రపరచిన ఆకు మెరుస్తుంది. ఆ మెరుపు పడిన చోట రంగు ఆకుది కాదు, దీపానిది. నూనె పూసిన ఆకు పూయని ఆకుకంటె ముదురుగా కనిపిస్తుంది కనుక, ఏ ఆకులకు ఎప్పుడు పూశారన్న సమాచారం లేకుండా రంగును కాలనిర్ణయానికి వాడడం ప్రమాదకరం.

సాధనం విషయంలోనూ ఒక పరిమితి ఉన్నది. `dcraw` 2018లో వచ్చిన 9.28తో నిలిచిపోయింది. ఆ తరువాతి కెమెరాల్లో అనేకం, ముఖ్యంగా కానన్ సీఆర్3 ఫైళ్లు, దానికి తెలియవు. వాటికి లిబ్‌రా గ్రంథాలయంతో పాటు వచ్చే `dcraw_emu`ను వాడాలి. `-W`, `-b`, `-r`, `-A`, `-g`, `-t`, `-q` అక్కడా ఇవే పనులు చేస్తాయి. `-c` మాత్రం అక్కడ వేరు. అది చిత్రాన్ని తరువాతి ప్రోగ్రాముకు అందించదు, వెలుగు పరిమితికి సంబంధించిన ఒక సంఖ్యను కోరుతుంది. చిత్రాన్ని `cjpeg`కు పంపాలంటే దాని స్థానంలో `-Z -` రాయాలి. పాత స్క్రిప్టులో ప్రోగ్రాము పేరు ఒక్కటే మార్చి నడిపితే, `-c` వెనుక ఉన్న `-t`ను ఆ సంఖ్యగా చదవబోయి ఆదేశం విఫలమవుతుంది.

కెమెరా తానుగా ఇచ్చే జేపెగ్ పక్కన పెట్టి చూస్తే, ఈ విధంగా వచ్చిన చిత్రం కొంత మెత్తగా, నీరసంగా కనిపిస్తుంది. కెమెరా అంచులను పదునుపెట్టి, రంగులను గాఢం చేసి ఇస్తుంది. పదును పెట్టినప్పుడు గంటపు గీత చుట్టూ తెల్లని అంచు ఏర్పడి, మసి చెరిగిన చోట గీత ఉన్నదో లేదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ముద్రణకు పదునైన ప్రతి కావాలనుకుంటే ఈ జేపెగ్‌ల నుండి కాక, అదే స్క్రిప్టుకు ఇంకొక మెట్టు చేర్చి రా ఫైళ్ల నుండే వేరుగా తయారుచేసుకోవాలి. రా ఫైళ్లు, గ్రే కార్డు చిత్రాలు, స్క్రిప్టు మూడూ ఒకే ఫోల్డరులో ఉంటే ఆ పని ఎప్పుడైనా, ఎవరైనా చేయగలరు.